ఫారం నింపేముందు పదో తరగతి మెమో తీయండి

క్యాంపస్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చిందని ఫోను వస్తుంది. ఇంట్లో అందరికీ సంతోషం. నాలుగు రోజులు గడిచాక పిల్లాడి మెయిల్‌కి ఓ లింకు వస్తుంది. తెరిస్తే పేజీలకు పేజీల ఫారం. పేరు, తండ్రి పేరు, అయిదేళ్లుగా ఉన్న చిరునామాలు, చదువు, గతంలో చేసిన ఇంటర్న్‌షిప్పులు, మన గురించి చెప్పగల ఇద్దరు పెద్దవాళ్లు, కేసులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న, చివర ఓ సంతకం. దీన్నే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం అంటారు. కుర్రాళ్లు ముద్దుగా ‘బీజీవీ’ అని పిలుచుకుంటారు.

ఉద్యోగానికైతే సరే, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి ఇంత హడావిడి ఎందుకని అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఇంటర్న్‌కి కూడా కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తుంది, గేటు దాటే కార్డు ఇస్తుంది, ఒక్కోసారి క్లయింటు సమాచారం చూసే అనుమతీ ఇస్తుంది. ఆ క్లయింటుతో చేసుకున్న ఒప్పందంలో ‘మీ దగ్గర పనిచేసే ప్రతి మనిషి వివరాలూ సరిచూడాలి’ అని ఉంటే ఇంటర్న్‌కి మినహాయింపు ఉండదు. పైగా చాలా కంపెనీల్లో ఈ ఇంటర్న్‌షిప్పే తర్వాత ఉద్యోగంగా మారుతుంది. అప్పుడు పాత ఫారమే బయటికి తీస్తారు.

ఈ ఫారాల్లో అబద్ధాలు రాసేవాళ్లు కొద్దిమందే. నిజం రాసి కూడా ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ. ఈ వారం మన మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం.

సరిచూసేది ఎవరు?

సాధారణంగా కంపెనీ తానుగా ఈ పని చేయదు. అందుకోసమే ఉన్న ఏజెన్సీకి అప్పగిస్తుంది. ఏజెన్సీలో కూర్చున్న మనిషి ముందు రెండే ఉంటాయి. ఒకటి మీరు నింపిన ఫారం. రెండోది మీ యూనివర్సిటీ, పాత కంపెనీ, మీరిచ్చిన పెద్దమనిషి చెప్పిన జవాబు. రెండూ కలిస్తే ఆకుపచ్చ రంగు వేస్తాడు. తేడా ఉంటే ఎరుపు. జవాబు దొరక్కపోయినా, చిన్న తేడా కనిపించినా నారింజ. అంతవరకే అతని పని. మనవాడు మంచివాడా చెడ్డవాడా అని అతను తేల్చడు, ఇంటర్న్‌షిప్ రద్దు చేసే అధికారమూ అతనికి లేదు. ఆ నివేదిక కంపెనీ హెచ్చార్ వాళ్లకు వెళుతుంది, నిర్ణయం వాళ్లది.

మధ్యలో ఇంకో మెట్టు ఉంది. ఏదైనా కాగితం లేకపోయినా, ఓ గడి ఖాళీగా ఉన్నా, మెమో సరిగ్గా స్కాన్ కాకపోయినా ‘ఇన్‌సఫీషియెన్సీ’ అంటూ ఓ మెయిల్ వస్తుంది. చూసి చాలామంది హడలిపోతారు. అది తిరస్కారం కాదు. ‘ఇది సరిపోలేదు, ఇంకొంచెం ఇవ్వండి’ అని అడగడం మాత్రమే. కాకపోతే మీరు జవాబిచ్చేదాకా మీ ఫైలు కదలదు. ఈ మెయిల్ ఒక్కోసారి స్పామ్‌లో పడుతుంది. అందుకే ఫారం పంపిన రోజు నుంచీ పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి ఆ డబ్బా కూడా చూసుకోమని పిల్లలకు చెప్పండి.

ఇంటిపేరు ఎక్కడ పెట్టాలి?

తెలుగువాళ్లకు ఈ ఫారంలో మొదటి గడి దగ్గరే చిక్కు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. ఫారంలో ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గడులుంటాయి. ఓ కుర్రాడి పేరు పదో తరగతి మెమోలో ‘కొల్లి వెంకట సాయికిరణ్’ అని ఉందనుకుందాం. ఆధార్‌లో ‘కె.సాయికిరణ్’. పాన్ కార్డులో ‘వెంకట సాయికిరణ్ కొల్లి’. మన దృష్టిలో ముగ్గురూ ఒక్కడే. ఏజెన్సీ మనిషి దృష్టిలో మాత్రం మూడు పేర్లు.

లాస్ట్ నేమ్ అంటే చివర రాసే పేరు అనుకుని చాలామంది ఆ గడిలో ‘సాయికిరణ్’ అని నింపుతారు. అక్కడ అడిగేది ఇంటిపేరు. కాబట్టి లాస్ట్ నేమ్ గడిలో కొల్లి, ఫస్ట్ నేమ్‌లో వెంకట సాయికిరణ్ అని రాయాలి. మిడిల్ నేమ్ ఖాళీగా వదిలేయొచ్చు. ‘సర్టిఫికెట్‌లో ఉన్న ప్రకారం పూర్తి పేరు’ అని విడిగా అడిగితే మాత్రం పదో తరగతి మెమోలో ఉన్న వరసలో, అవే అక్షరాలతో రాయాలి. ఇంగ్లిషులో ‘సాయి’కి ‘కిరణ్’కి మధ్య ఖాళీ ఉంటే ఖాళీతో, లేకపోతే లేకుండా. ‘మీకు వేరే పేర్లు ఉన్నాయా’ అన్న గడి కనిపిస్తే అది దొంగల కోసం పెట్టింది అనుకోకండి. ఆధార్‌లో ఉన్న పొట్టి పేరు రాయాల్సిన చోటు అదే. గడి లేకపోతే రిమార్కుల్లో ఒక్క వాక్యం చాలు, ‘ఆధార్‌లో పేరు ఇలా ఉంది, ఇద్దరూ ఒక్కరే’ అని. కంపెనీ అడిగితే స్టాంపు కాగితం మీద నోటరీతో అఫిడవిట్ చేయించి ఇవ్వాలి.

పుట్టిన తేదీ సంగతీ అంతే. పల్లెటూళ్లలో ఆధార్ తీయించినప్పుడు సరైన కాగితం లేక జనవరి 1 అని పడినవాళ్లు ఎందరో. బడిలో రాయించిన తేదీ ఇంకోటి. చదువుకు సంబంధించిన ఫారంలో ఎస్సెస్సీ మెమోలోని తేదీనే ఆధారంగా పెట్టుకోండి. ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోవడం తేలిక, మెమోను మార్పించడం చాలా కష్టం. అయితే ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే, పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు. అందుకని మార్చేటప్పుడు మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి. ఈ పని ఫారం వచ్చాక కాదు, మూడో సంవత్సరంలో ఉండగానే చేయించుకుంటే తీరిగ్గా అవుతుంది.

చదివిన చోటు వేరు, కాగితం మీద చోటు వేరు

ఇంటర్మీడియట్ దగ్గర మన రెండు రాష్ట్రాల పిల్లలకు ప్రత్యేకంగా ఓ తిప్పలుంది. పెద్ద విద్యాసంస్థల్లో పిల్లాడు కూర్చున్న బ్రాంచి ఒకటి, పరీక్షకు కట్టించిన కాలేజీ మరొకటి కావడం మనకు తెలిసిందే. ఫారంలో పిల్లాడు తాను రోజూ వెళ్లిన బ్రాంచి పేరు రాస్తాడు. టీసీ మీద, బోనఫైడ్ మీద ఇంకో కాలేజీ పేరుంటుంది. ఏజెన్సీ వాళ్లు అడిగేది కాగితం మీదున్న కాలేజీని. కాబట్టి రాయాల్సింది టీసీ మీదున్న పేరే. బోర్డు పేరు కూడా మెమో మీద ఎలా అచ్చయితే అలాగే.

ఇంజినీరింగ్‌లో కాలేజీ వేరు, యూనివర్సిటీ వేరు. అటానమస్ కాలేజీలో పరీక్షలు కాలేజీయే పెట్టుకున్నా పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. రెండు గడులుంటే రెండూ నింపాలి. జేఎన్‌టీయూ అని మాత్రమే రాస్తే చాలదు. 2008లో అది హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. ఏజెన్సీ వాళ్ల ఉత్తరం తప్పు ఊరికి వెళ్లి తిరిగొచ్చేసరికి రెండు వారాలు పోతాయి.

మార్కుల దగ్గర పిల్లలు చేసే పని, 7.46 సీజీపీఏని 7.5 చేయడం. రెజ్యూమెలో అలా రాసుకోవడం అలవాటు. ఫారంలో అది తేడా కిందే లెక్క. మెమోలో 7.46 ఉంటే 7.46 అనే రాయాలి. పర్సంటేజీ తప్పనిసరి అంటే మీ యూనివర్సిటీ నిబంధనల్లో ఉన్న సూత్రంతోనే లెక్కగట్టాలి. కొన్ని చోట్ల నేరుగా పదితో గుణిస్తారు, కొన్ని చోట్ల ముందు కొంత తీసేసి గుణిస్తారు. స్నేహితుడి యూనివర్సిటీ లెక్క మనకు పనికిరాదు. కరోనా వల్ల 2020లో మన రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి కదా, ఆ ఏడాది పిల్లలు కూడా మెమోలో ఏముంటే అదే రాయాలి. ఊహించి అంకె వేయకూడదు.

ఇక ‘పాసైన సంవత్సరం’. ఒక సబ్జెక్టు మిగిలిపోయి సప్లిమెంటరీలో గట్టెక్కితే, ఆ చివరి సబ్జెక్టు పాసైన నెల, సంవత్సరమే పాసైనట్టు. ఇంకా చదువుతున్న డిగ్రీకి ‘పూర్తయింది’ అని నొక్కకండి. ‘చదువుతున్నాడు’ అన్నదే నిజం, ఎప్పటికి పూర్తవుతుందో పక్కన రాయాలి. బ్యాక్‌లాగులు ఉన్నాయా అని అడిగితే, ఇప్పుడు మిగిలి ఉన్నవా, ఎప్పుడైనా తప్పినవన్నీనా అన్నది ప్రశ్నలోనే ఉంటుంది. రెండుసార్లు చదివి జవాబివ్వాలి.

ఓ ఫైలు కథ

ఏజెన్సీలో చాలా ఏళ్లు పనిచేసిన ఓ మిత్రుడు చెప్పిన ఫైలు ఇది. గోదావరి జిల్లాల కుర్రాడు, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. హైదరాబాద్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఫారం పంపాడు. పది రోజులకు మూడు చోట్ల నారింజ రంగు పడింది.

మొదటిది పాత ఇంటర్న్‌షిప్. మూడో సంవత్సరం సెలవుల్లో ఓ చిన్న కంపెనీలో పనిచేశాడు. రెజ్యూమెలో ‘రెండు నెలలు’ అని ఉంది. ఫారంలో తేదీలు అడిగేసరికి 2025 మే 1 నుంచి జూన్ 30 వరకు అని నింపేశాడు. కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్‌లో మే 19 నుంచి జూన్ 27 వరకు అని ఉంది. అంటే సరిగ్గా ఆరు వారాలు. పైగా మే మొదట్లో అతనికి సెమిస్టర్ పరీక్షలు. పరీక్ష రాస్తున్న మనిషి అదే రోజు ఆఫీసులో ఎలా ఉన్నాడని ఏజెన్సీకి సందేహం వచ్చింది. మోసం చేయాలని కాదు, గుండుగుత్తగా ‘మే, జూన్’ అనుకున్నాడు, అంతే. నెలలు కాదు, రోజులు చూస్తారన్నది అతనికి తెలియదు.

రెండోది రిఫరెన్సు. ఇద్దరి పేర్లు అడిగారు. ఒకరు కాలేజీలో ప్రాజెక్టు గైడు. రెండో వ్యక్తి సొంత మేనమామ. వ్యాపారం చేసుకునే ఆయనకు ఫోను చేసి, ‘ఈ అబ్బాయి మీకెలా తెలుసు’ అని అడిగితే, ‘మా అక్క కొడుకండీ, బంగారం లాంటి వాడు’ అన్నాడు. బంధువులు పనికిరారని ఫారంలో సన్న అక్షరాల్లో ఉంది. మేనమామ ఎంత మెచ్చుకున్నా ఆ గడి ఖాళీ కిందే లెక్క. గైడుగారికి ఫోను చేస్తే క్లాసులో ఉండి రెండుసార్లు తీయలేదు. తెలియని నంబరు కదా, తర్వాత కూడా తిరిగి చేయలేదు.

మూడోది చిరునామా. ప్రస్తుత చిరునామాగా హైదరాబాద్‌లో తాను చేరబోయే హాస్టల్ రాశాడు. చిరునామా సరిచూడటానికి ఫోనుకు లింకు పంపితే, ఇంకా సొంతూళ్లోనే ఉండి అక్కడి నుంచే నొక్కాడు. లింకు తెరిచినప్పుడు ఫోను ఎక్కడుందో నమోదవుతుంది. ఇంటి ముందు దిగిన ఫొటో, ఆ స్థలం, ఫారంలోని హాస్టల్ మూడూ మూడు దారులయ్యాయి.

అతను చేసిన మంచి పని ఒక్కటే. కంగారుపడి కొత్త కథ చెప్పలేదు. ఇన్‌సఫీషియెన్సీ మెయిల్ వచ్చిన రోజే జవాబిచ్చాడు. ‘పాత ఇంటర్న్‌షిప్ తేదీలు 2025 మే 19 నుంచి జూన్ 27 వరకు. ఫారంలో నెలల లెక్కన రాశాను, సర్టిఫికెట్ జతచేశాను. రెండో రిఫరెన్సుగా పాత ఇంటర్న్‌షిప్‌లో నాకు పని అప్పగించిన టీమ్ లీడర్ వివరాలు ఇస్తున్నాను. గైడుగారు సాయంత్రం నాలుగు తర్వాత ఫోను తీస్తారు, కాలేజీ మెయిల్ ఇదీ. ప్రస్తుతం సొంత ఇంట్లోనే ఉన్నాను, హాస్టల్‌లో ఇంకా చేరలేదు. ప్రస్తుత చిరునామాను ఇంటి చిరునామాగా మార్చగలరు.’ ఇంతే. రెజ్యూమెలోని ‘రెండు నెలలు’ కూడా ‘ఆరు వారాలు’గా మార్చి హెచ్చార్‌కు పంపాడు. మూడు రంగులూ ఆకుపచ్చ అయ్యాయి.

ఇదే కుర్రాడు సర్టిఫికెట్‌లో తేదీ దిద్ది పంపి ఉంటే కథ వేరేగా ఉండేది. తేడాకు వివరణ ఉంటుంది, దిద్దిన కాగితానికి ఉండదు.

పేరు ఇచ్చేముందు ఓ మాట చెప్పాలి

రిఫరెన్సు అంటే సిఫారసు ఉత్తరం కాదు. ఆయన మిమ్మల్ని పొగడక్కర్లేదు. ‘ఈ అబ్బాయి మీ దగ్గర ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నాడు? ఏ పని చేశాడు? సమయానికి వచ్చేవాడా? నలుగురితో కలిసి పనిచేయగలడా? మళ్లీ అవకాశం వస్తే మీరు తీసుకుంటారా?’ సాధారణంగా అడిగేవి ఇవే. కాబట్టి మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లే కావాలి. ప్రిన్సిపాల్ గారి పేరు ఇస్తే గొప్పగా ఉంటుందనుకుంటారు. మూడువేల మంది పిల్లల్లో మీరెవరో ఆయనకు గుర్తుండకపోతే ‘తెలియదండీ’ అనేస్తారు. దానికన్నా ల్యాబులో రోజూ చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు.

ముందుగా వాళ్లను అడగాలి. ‘సార్, ఫలానా కంపెనీ ఫారంలో మీ పేరు ఇస్తున్నాను, ఈ వారంలో ఫోనో మెయిలో రావచ్చు’ అని చెప్పి, ఏ ప్రాజెక్టు, ఏ తేదీల్లో చేశామో రాసి పంపాలి. ఏం చెప్పాలో నేర్పడం కాదు, తేదీలు గుర్తుచేయడం. సొంత జీమెయిల్ కంటే కాలేజీ లేదా కంపెనీ ఇచ్చిన మెయిల్ చిరునామాకు విలువెక్కువ. పాత కంపెనీలో మీ పై అధికారి వెళ్లిపోయి ఉంటే ఆ సంగతి రాసి, హెచ్చార్ మెయిల్ ఇవ్వండి.

కొన్న సర్టిఫికెట్ల సంగతి

అమీర్‌పేటలోనైనా, మీ ఊళ్లోనైనా డబ్బు కడితే పని చేయకుండానే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామనే వాళ్లు కనిపిస్తారు. ‘అందరూ పెడుతున్నారు, ఫోను వస్తే మేం చూసుకుంటాం’ అంటారు. ఏజెన్సీ మనిషి ఆ కాగితం మీదున్న నంబరుకే ఫోను చేయాలని రూలేం లేదు. అతను ముందు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఆ కంపెనీ పేరు వెతుకుతాడు. ఎప్పుడు రిజిస్టరైంది, ఇప్పుడు నడుస్తోందా, పేరు కొట్టేశారా అన్నది అక్కడ ఎవరైనా చూడొచ్చు. కంపెనీ పుట్టిన తేదీకి ముందే ఇంటర్న్‌షిప్ చేసినట్టు సర్టిఫికెట్ ఉంటే ఇక మాట్లాడేదేముంది? ఆపైన స్టైపెండ్ ఏ ఖాతాలో పడిందో స్టేట్‌మెంట్ చూపించమంటారు. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ అయితే ‘లేదు’ అని రాయడం తప్పేమీ కాదు.

నిజంగా నేర్చుకోవడానికి కోచింగ్‌లో చేరి ఉంటే, దాన్ని ‘శిక్షణ’ అన్న గడిలో రాసుకోవచ్చు. అదే కాగితాన్ని ‘ఉద్యోగ అనుభవం’ గడిలో పెడితే ఎరుపు. దీనికి అటూ ఇటూగా ఇంకో సంగతి. సెలవుల్లో మూడు నెలలు కాల్ సెంటర్లో పనిచేసి, నచ్చక మానేసి, ఫారంలో రాయని పిల్లలున్నారు. ఆ కంపెనీ పీఎఫ్ కట్టి ఉంటే యూఏఎన్ నంబరు కింద చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. రాసేస్తే అది మామూలు సంగతి, దాస్తే అనుమానం.

కేసులున్నాయా అన్న ప్రశ్న

ఇక్కడ ప్రశ్న పదాలు జాగ్రత్తగా చూడాలి. ‘శిక్ష పడిందా’ అనేది ఒకటి, ‘కేసు నడుస్తోందా’ అనేది ఇంకోటి, ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అనేది మరోటి. హెల్మెట్ లేక ఈ-చలాన్ కట్టడం వీటిలో దేనికిందా రాదు. తాగి బండి నడిపి పట్టుబడితే మాత్రం అది కోర్టుకు వెళ్లే వ్యవహారం. జరిమానాతో బయటపడ్డా తీర్పు తీర్పే. కాలేజీ గొడవలో ఎఫ్ఐఆర్‌లో పేరు ఎక్కినవాళ్లు, కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో వకీలును కనుక్కున్నాకే ఈ గడి నింపాలి. సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో ఇదే సంగతి చర్చించింది. అది ప్రభుత్వోద్యోగాలకు సంబంధించిన తీర్పు. చిన్న కేసైతే యాజమాన్యం పెద్ద మనసుతో చూడొచ్చని, అయితే వివరాలు దాచడం తనంతట తానే చర్యకు కారణం కావచ్చని అందులో చెప్పింది. ప్రైవేటు కంపెనీల హెచ్చార్ వాళ్ల ఆలోచనా దాదాపు ఇదే దారిలో ఉంటుంది.

ఇంకో చిక్కు, పేరు పోలిక. ఏజెన్సీ వాళ్లు కోర్టు రికార్డుల్లో పేరుతో వెతుకుతారు. మన దగ్గర వెంకటేశ్వర్లు, శ్రీనివాసరావు ఊరికి పదిమంది. ఇంకెవరి కేసో మనకు తగిలితే తేల్చేది తండ్రి పేరు, చిరునామా, పుట్టిన తేదీ. అందుకే తండ్రి పేరు పొట్టి అక్షరాలతో కాకుండా ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయాలి.

సంతకం పెట్టేముందు

ఫారం చివర ఉండే సమ్మతి పత్రం చదవకుండా సంతకం చేయకండి. ఎవరెవరు, ఏయే వివరాలు సరిచూడటానికి ఒప్పుకుంటున్నారో అందులో ఉంటుంది. ‘ఇందులో ఏదైనా అబద్ధమని తేలితే ఎప్పుడైనా తొలగించవచ్చు’ అన్న వాక్యమూ అక్కడే ఉంటుంది. ఆ ‘ఎప్పుడైనా’కి గడువు లేదు. ఇంటర్న్‌షిప్ ఉద్యోగమై మూడేళ్లు గడిచాక కూడా వర్తిస్తుంది.

ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తామని అడిగి చూడండి. myaadhaar.uidai.gov.in నుంచి దించుకోవచ్చు, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్సుల మీద అడ్డంగా ఏ కంపెనీ వెరిఫికేషన్ కోసమో, తేదీతో సహా రాసివ్వడం మంచి అలవాటు. వెరిఫికేషన్ ఫీజు కట్టమని ఎవరైనా డబ్బు అడిగారంటే అక్కడే ఆగిపోవాలి, ఆ ఖర్చు కంపెనీది. బ్యాంకు ఓటీపీ, ఏటీఎం పిన్ అడిగే గడి ఏ నిజమైన ఫారంలోనూ ఉండదు. అనుమానమొస్తే కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు లింకు చూపించండి.

నింపిన ఫారం ఓ కాపీ దాచుకోవాలి. ఇంటర్న్‌షిప్ ఉద్యోగమైతే మరో ఫారం వస్తుంది, రెండింట్లో తేదీలు ఒకేలా ఉండాలి. చదువు పూర్తయ్యాక ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో ఫలానా తేదీలోగా పంపాలని ఆఫర్ లెటర్లో గడువు ఉంటుంది. యూనివర్సిటీ నుంచి అవి రావడం ఆలస్యమయ్యేట్టుంటే గడువు దాటకముందే హెచ్చార్‌కు మెయిల్ పెట్టి, దరఖాస్తు చేసిన రసీదు జతచేయండి.